సమాఖ్య పద్దులో ఏది ఆదాయం, ఏది బాకీ?

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల సభ్యుల సమావేశంలో మహిళా సమాఖ్యల పద్దుపై చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సమావేశంలో మహిళా సంఘాల లెక్కలెందుకని కొందరు అన్నలు బయట అడిగారు. జవాబు మన ఇండ్లలోనే ఉంది. వానాకాలం నాట్లకు ముందు యూరియా బస్తా, డీఏపీ బస్తా ఏ పైసలతో వస్తున్నయి? చాలా ఇండ్లలో అక్క పేరు మీద తీసుకున్న సంఘం అప్పుతోనే వస్తున్నయి. సేను అన్న పేరు మీద ఉంటుంది, బాకీ అక్క పేరు మీద ఉంటుంది. పంట పైసలు ఆలస్యమైతే కిస్తు ఆగేది అక్క పుస్తకంలో. కాబట్టి సమాఖ్య పద్దు రైతు పద్దే. దాన్ని చదవడం ఇంట్లో ఇద్దరికీ రావాలి.

ముందు ఎవరి కింద ఎవరున్నారో ఒక్క మాటలో చెప్పుకుందాం. ఊళ్లలో పది, పన్నెండు మంది అక్కలు కలిసి ఒక సంఘం. ఊరి సంఘాలన్నీ కలిస్తే గ్రామ సమాఖ్య, దానిపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. 2000లో వెలుగు పేరుతో ఆరు జిల్లాల్లో మొదలైన పథకం తర్వాత మన పాత కరీంనగర్ జిల్లాకూ వచ్చింది. ఇందిరా క్రాంతి పథం అని పేరు మారినా జనం నోట ఐకేపీగానే మిగిలింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో మాత్రం ఇదే పని మెప్మా కింద స్లమ్ సమాఖ్య, పట్టణ సమాఖ్య అనే పేర్లతో నడుస్తుంది. పేర్లు వేరైనా పద్దు రాసే తీరు ఒక్కటే. ఈ రోజు మేము గ్రామ సమాఖ్యను పట్టుకొని మాట్లాడతాం.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. సమాఖ్య ఖాతాలోకి వచ్చే ప్రతి రూపాయీ ఆదాయం కాదు. పొదుపుగా వచ్చిన రూపాయి సభ్యులది, సమాఖ్య దాన్ని ఒక రోజు తిరిగి ఇవ్వాలి. అసలు కింద తిరిగి వచ్చిన రూపాయి మళ్లీ మరో అక్కకు అప్పుగా పోవాల్సింది. సమాఖ్య సొంతంగా ఖర్చు పెట్టుకోగలిగింది మిత్తి రూపంలో వచ్చిన దాంట్లోంచే, అదీ పొదుపు మీద మనం ఇవ్వాల్సిన మిత్తి పోను మిగిలినదే. ఈ ఒక్క తేడా మరిచిన చోటనే సమాఖ్యలు మునిగినయి.

లెక్క లేకుండా చెబితే ఇది గాలి మాట అవుతుంది. కోరుట్ల పక్కన ఒక ఊరు ఉందనుకుందాం. ఇది లెక్క కోసం మేము కట్టుకున్న ఊరే, ఎవరి ఊరినీ వేలెత్తి చూపడం లేదు. ఇరవై సంఘాలు, సంఘానికి పన్నెండు మంది, మొత్తం 240 మంది అక్కలు. ఒక్కొక్కరు నెలకు 100 రూపాయలు పొదుపు చేస్తారు. అందులో 80 సంఘంలోనే ఉండి అక్కడే చిన్న చిన్న అప్పులుగా తిరుగుతుంది. 20 రూపాయలు సమాఖ్యకు వస్తుంది. అంటే నెలకు 4,800, ఏడాదికి 57,600.

ఏడాది మొదట్లో సమాఖ్య దగ్గర ఉన్న నిధి మొత్తం 10 లక్షలు. అందులో 3 లక్షలు సభ్యుల పాత పొదుపు. మిగతా 7 లక్షలు సామాజిక పెట్టుబడి నిధి, వెనుకటి ఏళ్ల మిగులు. ఈ 10 లక్షల్లో 9 లక్షలు సంఘాల దగ్గర అప్పుగా ఉన్నయి. లక్ష బ్యాంకులో ఉంది. అప్పు మీద మిత్తి నూటికి నెలకు రూపాయి. పొదుపు మీద సమాఖ్య ఇచ్చేది అర్ధ రూపాయి.

ఇప్పుడు ఏడాదిలో చేతికి వచ్చే పైసలు లెక్కేద్దాం. ఈ ఏడు తిరిగి రావాల్సిన అసలు 6 లక్షలు. అప్పు ఏడాది పొడవునా సుమారు 9 లక్షల దగ్గరే ఉంటుందనుకుంటే రావాల్సిన మిత్తి 1,08,000. నూటికి నూరు వస్తుందని రాసుకోకూడదు, 90 శాతం వస్తుందని రాద్దాం. అప్పుడు అసలు 5,40,000, మిత్తి 97,200. బ్యాంకులో ఉన్న లక్ష, కొత్త పొదుపు 57,600 కలిపితే మొత్తం 7,94,800.

చాలా చోట్ల ఈ 7,94,800 అంకెను "రాబడి" అని రాసి సమావేశంలో చదువుతారు. విన్నవాళ్లకు మన సమాఖ్యకు ఎనిమిది లక్షల ఆదాయం ఉన్నట్టు తోస్తుంది. కుర్చీలు కొందాం, వార్షికోత్సవం గొప్పగా చేద్దాం, ఒక యాభై వేలు పోతే ఏమైతది అనిపిస్తుంది. నిజానికి అందులో ఆదాయం 97,200 మాత్రమే. మిగతాది మన పొదుపు, మన అసలు, మన పాత నిలువ.

ఇక ఖర్చు. పుస్తకాలు రాసే వీవోఏకు సర్కారు ఇచ్చేది కాక సమాఖ్య వాటాగా నెలకు 2,000 ఇస్తున్నాం అనుకుంటే ఏడాదికి 24,000. నెల నెలా సమావేశానికి చాయ, చాపల ఖర్చు 500 చొప్పున 6,000. మండల సమాఖ్యకు, బ్యాంకుకు పోయివచ్చే చార్జీలు నెలకు 600 చొప్పున 7,200. పుస్తకాలు, రసీదులు 4,000. ఆడిట్ ఫీజు 5,000. శిక్షణకు 15,000. ఇవన్నీ కలిపి 61,200. దీనికి పొదుపు మీద మనం ఇవ్వాల్సిన మిత్తి సుమారు 19,700 కలిపితే 80,900.

97,200 లోంచి 80,900 తీస్తే మిగిలేది 16,300. ఇది లాభమని సంబరపడొద్దు. తొమ్మిది లక్షల అప్పులో కొంత ఎప్పుడో ఒకప్పుడు రాకుండా పోతుంది. మనిషి చనిపోతారు, కుటుంబం వలసపోతుంది. అందుకని బాకీలో నూటికి ఒక్కటి, అంటే 9,000 రూపాయలు, రాని బాకీల నిధి కింద పక్కన పెట్టాలి. అప్పుడు మిగిలేది 7,300. ఎనిమిది లక్షలు తిరిగిన సమాఖ్యకు ఏడాది చివర నిజంగా మిగిలింది ఇంతే.

ఇప్పుడు ఒక్క అంకె మార్చి చూద్దాం. వసూలు 90కి బదులు 75 శాతమే వచ్చింది. మిత్తి 81,000 అవుతుంది. ఖర్చు 80,900 అట్లనే ఉంటుంది, ఎందుకంటే వసూలు తగ్గిందని ఆడిట్ ఫీజు తగ్గదు, బస్సు చార్జీ తగ్గదు. మిగిలేది వంద రూపాయలు. రాని బాకీల నిధికి ఒక్క పైసా లేదు. 70 శాతానికి పడితే 5,300 లోటు. ఆ లోటు ఎక్కడి నుంచి పూడుతుంది? ఎవరూ చెప్పకుండానే సభ్యుల పొదుపులోంచి పూడుతుంది. ఖాతాలో పైసలు కనబడుతూనే ఉంటయి కాబట్టి ఎవరికీ తెలియదు. పొదుపు వెనక్కి ఇవ్వమని అక్కలు అడిగిన రోజు తెలుస్తుంది.

అప్పు ఇవ్వడానికి మిగిలేది కూడా చూద్దాం. మొత్తం 7,94,800 లోంచి ఖర్చు 80,900, చేతిలో ఉంచుకోవాల్సిన నిలువ లక్ష తీస్తే 6,13,900 కొత్త అప్పులకు ఉంటుంది. వసూలు 75 శాతమైతే అసలులో 90,000, మిత్తిలో 16,200 తగ్గుతుంది. కొత్త అప్పులకు మిగిలేది 5,07,700. సంఘానికి 50,000 చొప్పున లెక్కేస్తే రెండు సంఘాలకు ఈ ఏడు అప్పు లేనట్టే. ఆ రెండు సంఘాల ఇండ్లు అప్పుడు ఎక్కడికి పోతయి? 2010లో మైక్రోఫైనాన్స్ వాళ్ల వసూళ్ల మీద అప్పటి సర్కారు అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన రోజులు మనలో చాలామందికి గుర్తున్నయి. అక్కడికి పోయిన వాళ్లందరూ దుబారా కోసం పోలేదు. సమయానికి సంఘంలో అప్పు దొరకక పోయిన వాళ్లూ అందులో ఉన్నరు.

కాబట్టి మొత్తం పద్దు వసూలు అనే ఒక్క కాలు మీద నిలబడి ఉంది. వసూలు ఎందుకు ఆగుతుంది? అక్కలకు కట్టాలని లేక కాదు. ఎక్కువ చోట్ల కిస్తు తేదీ ఒకటి, చేతికి పైసలు వచ్చే తేదీ ఇంకొకటి కావడం వల్ల ఆగుతుంది.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు తీసుకోండి. జూన్‌లో పెడతాం. జనవరి నుంచి తవ్వకం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం. మార్కెట్‌కు పోయి పైసలు చేతిలో పడేసరికి మార్చి, ఏప్రిల్. జూన్‌లో 24,000 అప్పు తీసుకున్న అక్కను జులై నుంచే నెలకు 2,000 అసలు, దానిపై మిత్తి కట్టమంటే ఆమె ఎక్కడి నుంచి తెస్తుంది? బీడీలు చుట్టిన కూలిలోంచి మిత్తి పోను ఒక 500 వరకు కట్టగలదు. మిగతా 1,500 ఊళ్లో మూడు రూపాయల మిత్తికి తెస్తుంది. జులై నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిది నెలలు ఇట్ల తెచ్చి మార్చిలో తీర్చితే ఆ బయటి మిత్తి 1,620 రూపాయలు. మన పుస్తకంలో మాత్రం ఆమె "సక్రమంగా కట్టిన సభ్యురాలు".

అదే అప్పును పంటను బట్టి రాస్తే ఎట్ల ఉంటుంది? ఎనిమిది నెలలు అసలు 500, దాని మీద మిత్తి. మార్చిలో 10,000, ఏప్రిల్‌లో 10,000. సమాఖ్యకు ఆమె కట్టే మొత్తం మిత్తి 2,080 అవుతుంది. పన్నెండు సమాన కిస్తులైతే 1,560 అయ్యేది. అంటే సమాఖ్యకు 520 ఎక్కువ కట్టింది, బయట 1,620 కట్టే బాధ తప్పింది. ఆమెకు వెయ్యి నూరు రూపాయలు మిగిలినయి, సమాఖ్యకూ మిత్తి పెరిగింది.

అయితే దీనికి రెండు హద్దులు ఉన్నయి. మొదటిది, ఇది బ్యాంకు అప్పుకు చెల్లదు. బ్యాంకు కిస్తు నెల నెలా కట్టాల్సిందే, సమయానికి కట్టిన వాళ్లకే వడ్డీ లేని రుణం వర్తిస్తుంది. ఆ మిత్తి రాయితీ సర్కారు నుంచి ఆలస్యంగా వచ్చిన సంవత్సరాలూ మనం చూసినం. అందుకే రాయితీని ఖాతాలో పడిన తర్వాతే పద్దులో ఆదాయంగా రాయాలి. వడ్ల కొనుగోలు కేంద్రం కమీషన్ కూడా అంతే. కల్లం మీద కాంటా అయిన రోజు కాదు, ఖాతాలో జమ అయిన రోజే రాయాలి. కిస్తుల తేదీలు మనం రాసుకోగలిగింది మన సొంత నిధితో ఇచ్చే అంతర్గత అప్పులకే. అందుకే ఆ నిధిని కాపాడుకోవాలి.

రెండో హద్దు, అందరికీ పంట కిస్తులే రాస్తే జులై నుంచి ఫిబ్రవరి దాకా సమాఖ్య ఖాతా ఎండిపోతుంది. అప్పు ఇచ్చేటప్పుడే నెల కిస్తులు కట్టగలిగిన వాళ్లనూ, పంటకు కట్టే వాళ్లనూ కలిపి పంచాలి. పాల పైసలు వచ్చే అక్క, కిరాణం పెట్టుకున్న అక్క నెలకు కట్టగలదు. పసుపు అక్క మార్చిలో, వరి అక్క కాంటాల తర్వాత కడుతుంది.

సిరిసిల్లలో లెక్క ఇంకో తీరు. అక్కడ మరమగ్గాల కూలి, బీడీల కూలి మీద బతికే ఇండ్లు ఎక్కువ. కూలి పంటలా ఒకేసారి రాదు, అందుకే నెల కిస్తు అక్కడ సరిపోతుంది. కానీ 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పటి నుంచి మగ్గం పని చాలావరకు సర్కారు ఆర్డరు చుట్టూ తిరిగింది. ఆర్డరు ఆగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే ఒక్క ఇంట్లో కాదు, గల్లీ అంతా ఒకేసారి కిస్తు ఆగుతుంది. పసుపు ఊళ్లో ఏ నెల ఇబ్బందో ముందే తెలుసు, సిరిసిల్లలో తెలియదు. కాబట్టి అక్కడి సమాఖ్య చేతిలో ఉంచుకునే నిలువ పెద్దగా ఉండాలి. కనీసం రెండు నెలల కిస్తులు ఆగినా ఖర్చులు నడిచి, ఆపదలో ఉన్న అక్కకు చిన్న అప్పు ఇవ్వగలిగేంత ఉండాలి.

ఇక వసూలు బాగుందని చెప్పే అంకె నిజమో కాదో ఎట్ల తెలుసుకోవాలి? మేము రెండు తప్పులు ఎక్కువగా చూసినం.

ఒకటి, ముందుగా కట్టిన పైసలను కలిపి చెప్పడం. ఈ నెల రావాల్సింది 50,000. వచ్చింది కూడా 50,000. నూటికి నూరు అని చప్పట్లు కొట్టినరు. కానీ అందులో 10,000 ఒక సంఘం వచ్చే నెల కిస్తు ముందే కట్టింది. ఈ నెల బాకీలో వచ్చింది 40,000 మాత్రమే, అంటే 80 శాతం. నలుగురైదుగురు అక్కలు కట్టలేకపోయిన సంగతి ఆ ఒక్క సంఘం మంచితనం కింద దాగిపోయింది. అందుకే రావాల్సింది, వచ్చింది, మిగిలింది అనే మూడు అంకెలు, మనం డీసీబీ అంటాం కదా, ప్రతి సంఘానికి వేరువేరుగా అడగాలి. ఊరి మొత్తానికి ఒక్క అంకె వింటే చాలదు.

రెండోది, తిరగరాయడం. పాత బాకీ కట్టలేని అక్కకు అదే రోజు కొత్త అప్పు రాసి, ఆ కొత్త అప్పుతో పాత బాకీ తీరినట్టు చూపిస్తారు. చేతులు మారిన పైసా ఒక్కటీ లేదు. పుస్తకంలో మాత్రం వసూలూ పెరిగింది, అప్పు ఇచ్చినట్టూ అయింది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. నగదు పుస్తకంలో ఒకే తేదీన, ఒకే సంఘం పేరు మీద, దగ్గరదగ్గర ఒకే మొత్తం అటు జమలోనూ ఇటు ఖర్చులోనూ ఉందా చూడండి. ఉంటే అదే రోజు బ్యాంకు పాసుబుక్కులో ఆ పైసలు వచ్చి పోయినయా చూడండి. పాసుబుక్కులో లేకపోతే అది కాగితం మీది వసూలు. ఆ అక్కను నిందించే పని లేదు. ఆమె కిస్తు తప్పు తేదీన రాసిన మనమే అప్పును మళ్లీ కూర్చొని సరిచేయాలి, సమావేశంలో తీర్మానం రాసి, పాత బాకీ పాతదిగానే చూపిస్తూ.

ఇది కనిపెట్టాలంటే పుస్తకం చదవడం రావాలి. అందుకే శిక్షణ 15,000 అని రాసినం. పైసలు తక్కువైనప్పుడు అందరూ మొదట కోసేది దీన్నే. అది దేనికో చెబుతాం. ఇరవై సంఘాల నుంచి ఇద్దరు చొప్పున 40 మంది అక్కలకు రెండు రోజుల లెక్కల శిక్షణ. భోజనాలకు మనిషికి రోజుకు 100 చొప్పున 8,000, నేర్పే అక్కకు రెండు రోజులకు 2,000, కాగితాలకు 1,000. ఆరు నెలల తర్వాత ఒక రోజు మళ్లీ కూర్చోవడానికి భోజనాలు 4,000. ఆ రోజు నేర్పేది మొదటిసారి నేర్చుకున్న అక్కలే. ఇది కోస్తే 15,000 మిగిలినట్టు కనబడుతుంది. కానీ ఊరి మొత్తం లెక్క ఒక్క వీవోఏ తలలోనే ఉండిపోతుంది. ఆమె మంచిదైనా సరే, ఆమెకు జ్వరం వచ్చిన నెల సమాఖ్యకు లెక్క లేదు. పాలకవర్గం మారిన రోజు కొత్తగా వచ్చిన అధ్యక్షురాలు తెలియని కాగితం మీద సంతకం పెడుతుంది.

చిన్న ఖర్చుల గురించి ఒక మాట. చాయ, చార్జీలు చిన్నవే. దొంగతనాలు సాధారణంగా వాటిలో ఉండవు, కానీ అలవాట్లు అక్కడ మొదలవుతయి. మా సలహా ఒక్కటే. పరిపాలన ఖర్చు, వీవోఏ వాటా, ఆడిట్ అన్నీ కలిపి ఆ ఏడాది వచ్చిన మిత్తిలో సగం దాటకూడదని తీర్మానం రాసుకోండి. మన లెక్కలో శిక్షణ కాక అవి 46,200. వచ్చిన మిత్తి 97,200లో సగం లోపే ఉన్నయి. వసూలు 75 శాతానికి పడితే సగం అంటే 40,500, అంటే 5,700 కోయాలి. అప్పుడు ఎక్కడ కోయాలో ముందే కూర్చొని తేల్చుకోవాలి, ఏడాది చివర కాదు.

మన సమాఖ్యల్లో చాలావరకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనవే. ఆ చట్టంలో సంస్థ సభ్యులది. పద్దు, ఆడిట్ లెక్క సర్వసభ్య సమావేశం ముందుకు రావాల్సిందే. అంటే అడగడం మన హక్కు, ఎవరి మీదా అనుమానం కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో అక్కలు మూడు అడగండి. పద్దును రెండు కాగితాలుగా చూపించమనండి. ఒకదాని మీద చేతికి వచ్చి పోయే పైసలన్నీ, రెండోదాని మీద నిజమైన ఆదాయం, ఖర్చు మాత్రమే. సంఘం వారీగా రావాల్సింది, వచ్చింది, మిగిలింది గోడ మీద అంటించమనండి. అంతర్గత అప్పు ఇచ్చేటప్పుడు ఆ ఇంటికి పైసలు ఏ నెలలో వస్తయో అడిగి కిస్తు తేదీ రాయమనండి.

అన్నలు ఒక్కటి చేయండి. పసుపు అమ్మిన రోజు, వడ్ల పైసలు పడిన రోజు మొదట అక్క చేతిలో కిస్తు పెట్టండి. మిగతా బాకీలు ఆ తర్వాత. ఎందుకంటే మళ్లీ జూన్‌లో యూరియా బస్తాకు పైసలు దొరికే చోటు ఆ సమాఖ్యే.